స్టీమ్ అకౌంట్ హ్యాక్ అయితే తిరిగి తెచ్చుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాబాయి కొడుకు గుంటూరులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడి స్టీమ్ అకౌంట్ ఒక శనివారం రాత్రి పోయింది, బుధవారం తిరిగొచ్చింది. ఆ నాలుగు రోజులూ నేను వాడి పక్కనే కూర్చున్నాను. అప్పటి నుంచి వాడి ఫ్రెండ్స్, వాళ్ల ఫ్రెండ్స్ అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతుంటే, జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇదంతా స్టీమ్ గురించి, జీమెయిల్‌తో తెరిచిన అకౌంట్ల గురించి.

నా అకౌంట్ హ్యాక్ అయిందా, లేక నేనే పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నానా?

పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ మెయిల్ మీ ఇన్‌బాక్స్‌కే వస్తుంది, ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. హ్యాక్ అయితే రీసెట్ నొక్కినా మీకు ఏ మెయిలూ రాదు, ఎందుకంటే అకౌంట్‌కి ఉన్న ఈమెయిల్ అడ్రసే మార్చేసి ఉంటారు. మీ ప్రొఫైల్ పేజీ మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, అందులో పేరో ఫొటోనో మారి ఉంటే, లేదా మీ ఫ్రెండ్స్‌కి మీ పేరుతో లింకులు వెళ్తుంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఆ లింకులు నొక్కవద్దని ఫ్రెండ్స్‌కి వెంటనే ఫోన్ చేసి చెప్పండి, ఎందుకంటే మిమ్మల్ని మోసగించిన మెసేజ్ కూడా అలా పోగొట్టుకున్న ఎవరిదో అకౌంట్ నుంచే వచ్చి ఉంటుంది.

ఎవరికీ పాస్‌వర్డ్ చెప్పలేదు. మరి ఎలా పోయింది?

మా వాడూ ఇదే అన్నాడు. అసలు జరిగింది ఇది. శనివారం రాత్రి 10:40కి, రోజూ కలిసి ఆడే ఫ్రెండ్ ఒకడు చాట్‌లో "మా టీమ్‌కి ఓటు వెయ్యరా" అని లింక్ పెట్టాడు. తెరిస్తే టోర్నమెంట్ పేజీలాగే ఉంది, ఓటు వేయాలంటే స్టీమ్‌తో సైన్ ఇన్ అవ్వమంది. చిన్న విండో వచ్చింది, దాని పైన అడ్రస్ కూడా స్టీమ్‌దే కనిపించింది. కానీ అది నిజమైన విండో కాదు, ఆ పేజీలోనే గీసిన బొమ్మ. దాన్ని పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించి లాగి చూస్తే తెలిసిపోతుంది: నిజమైన విండో బయటికి వస్తుంది, బొమ్మ ఆ పేజీ దాటి రాదు.

వాడు అందులో పేరు, పాస్‌వర్డ్ కొట్టాడు. లాగిన్ చేస్తున్నది తనేనా అని తేల్చడానికి స్టీమ్ ఈమెయిల్‌కి పంపే స్టీమ్ గార్డ్ కోడ్ కూడా కొట్టాడు. అవతలి వాడు ఆ రెంటినీ అదే నిమిషంలో అసలు స్టీమ్‌లో వాడేశాడు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఇంకొకటి: మా వాడికి స్టీమ్‌కీ జీమెయిల్‌కీ ఒకటే పాస్‌వర్డ్, జీమెయిల్‌కి రెండో అంచె తనిఖీ లేదు. 11 గంటలు దాటేసరికి రెండూ మా వాడి చేతిలో లేవు.

క్యూఆర్ కోడ్ చూపించి స్టీమ్ యాప్‌తో స్కాన్ చేయమనే దొంగ పేజీలు కూడా ఉన్నాయి. అక్కడ మీరు ఏమీ టైప్ చేయకపోయినా, ఫోన్‌లో ఒప్పుకుంటే చాలు, వాళ్ల కంప్యూటర్‌లో మీ అకౌంట్ తెరుచుకుంటుంది. ఒప్పుకునే ముందు యాప్ ఆ లాగిన్ ఏ ఊరి నుంచి వస్తుందో చూపిస్తుంది, దాన్ని చదవండి.

ఇవేవీ చేయలేదంటే కంప్యూటర్‌లోనే ఏదో ఉందనుకోవాలి. క్రాక్ చేసిన గేమో, చీట్ ప్రోగ్రామో డౌన్‌లోడ్ చేసి ఉంటే, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లనూ లాగిన్ సెషన్లనూ ఎత్తుకుపోయే మాల్వేర్ దానితో పాటే వచ్చి ఉండొచ్చు. అలాంటప్పుడు కొత్త పాస్‌వర్డ్‌లన్నీ వేరే శుభ్రమైన ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో పెట్టండి. అదే మెషీన్‌లో పెడితే కొత్తవి కూడా వాళ్లకే వెళ్తాయి.

ముందు స్టీమ్‌కి రాయాలా, ఈమెయిల్ సంగతి చూసుకోవాలా?

ముందు ఈమెయిల్. టెన్షన్‌లో అందరూ ఇక్కడే తడబడతారు, గేమ్‌లు పోయాయన్న బాధలో నేరుగా స్టీమ్ సపోర్ట్‌కి పరుగెత్తుతారు. కానీ సపోర్ట్ జవాబు వచ్చేది ఈమెయిల్‌కే, అకౌంట్ తిరిగిచ్చే లింక్ వచ్చేదీ దానికే. మీరు కొన్న ప్రతి గేమ్ రసీదు ఉండేదీ అందులోనే. పొలానికి పట్టాదారు పాస్‌పుస్తకం ఎలాగో, స్టీమ్ అకౌంట్‌కి ఆ ఇన్‌బాక్స్ అలాగ. అది దొంగ చేతిలో ఉండగా స్టీమ్ తిరిగొచ్చినా, గంటలో మళ్లీ పోతుంది.

జీమెయిల్ మీ చేతిలోనే ఉందని నమ్మకంగా తెలిస్తే మాత్రం ఆగకుండా రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. ఈమెయిల్ అడ్రస్ మారినప్పుడు స్టీమ్ పాత అడ్రస్‌కి ఒక మెయిల్ పంపిస్తుంది, అది దొరికితే జాగ్రత్తగా దాచుకోండి, ఏ రోజు ఏ టైమ్‌కి పోయిందో దానితోనే తేలుతుంది.

జీమెయిల్‌లోకి కూడా వెళ్లలేకపోతున్నాను. ఇప్పుడు?

`accounts.google.com/signin/recovery` అని మీరే టైప్ చేసి తెరవండి. వెతికితే వచ్చే కస్టమర్ కేర్ నంబర్లకు ఫోన్ చేయకండి, మామూలు జీమెయిల్ అకౌంట్లను ఫోన్‌లో తిరిగిచ్చే గూగుల్ ఆఫీసు లేదు.

ఈ పని ఎక్కడి నుంచి చేస్తున్నారన్నది చాలా ముఖ్యం. మీరు రోజూ జీమెయిల్ చూసే ఫోన్, రోజూ వాడే బ్రౌజర్, ఇంట్లో మామూలుగా వాడే వైఫై అయితే గూగుల్ మిమ్మల్ని గుర్తుపట్టే అవకాశం ఎక్కువ. ఫ్రెండ్ హాస్టల్ రూమ్‌లో, వాడి ల్యాప్‌టాప్‌లో కూర్చుని ప్రయత్నిస్తే కాదనే అవకాశమూ అంతే ఎక్కువ. మా వాడు శనివారం రాత్రంతా హాస్టల్‌లో వేరేవాళ్ల ల్యాప్‌టాప్ మీద ప్రయత్నించి విసిగిపోయాడు, ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి సొంత ఫోన్‌లో చేస్తే మొదటిసారికే అయింది.

రికవరీ ఫోన్ నంబర్‌నీ రికవరీ ఈమెయిల్‌నీ హ్యాకర్ మార్చేసినా, మార్చిన రోజు నుంచి 7 రోజుల వరకు పాత వాటితో తిరిగి రావడానికి గూగుల్ వీలిస్తుంది. కాబట్టి వచ్చే వారం సెమిస్టర్ పరీక్షలయ్యాక చూద్దాం అనుకోవద్దు.

పాత పాస్‌వర్డ్ అడిగితే గుర్తున్నంతలో చివరిది కొట్టండి. ఊహించి కొట్టినా ఖాళీగా వదిలేయడం కన్నా మేలు.

జీమెయిల్ తిరిగొచ్చింది, పాస్‌వర్డ్ మార్చేశాను. ఇక సరిపోతుందా?

సరిపోదు. హ్యాకర్లు లోపలికి రాగానే మొదట చేసేది వెనక తలుపు ఒకటి పెట్టుకోవడం, పాస్‌వర్డ్ మారినా అది అలాగే ఉంటుంది.

మా వాడి జీమెయిల్ తెరిస్తే స్టీమ్ నుంచి ఒక్క మెయిలూ లేదు. శనివారం రాత్రివే కాదు, ఆ తర్వాత మేం కావాలని పంపించుకున్నవి కూడా రావడం లేదు. కారణం ఒక ఫిల్టర్. `steampowered` అన్న మాట ఉన్న మెయిల్ ఏది వచ్చినా చదివినట్టు గుర్తు పెట్టి నేరుగా ట్రాష్‌లో పడేయమని హ్యాకర్ ఫిల్టర్ రాసిపెట్టాడు. ఇది ఫోన్ యాప్‌లో కనిపించదు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, పైన గేర్ గుర్తు నొక్కి, `See all settings`లోకి వెళ్లి, `Filters and Blocked Addresses` చూడాలి. మీరు పెట్టనిది ఏదున్నా తీసేయండి. పక్కనే ఉన్న `Forwarding and POP/IMAP`లో మీ మెయిల్స్ వేరే అడ్రస్‌కి కాపీ వెళ్తున్నాయేమో చూడండి. `Accounts and Import`లో మీ మెయిల్‌బాక్స్ చూసే అనుమతి ఇంకెవరికైనా ఇచ్చి ఉందేమో కూడా చూడండి.

తర్వాత `myaccount.google.com` తెరిచి సెక్యూరిటీ పేజీకి వెళ్లండి. అక్కడ లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా ఉంటుంది, మీవి కానివన్నీ సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ మీవేనా అని అక్షరం అక్షరం చూడండి, ఒక అక్షరం తేడాతో వాళ్ల అడ్రస్ పెట్టి ఉండొచ్చు. మీకు తెలియని పాస్‌కీలు, యాప్ పాస్‌వర్డ్‌లు, బయటి యాప్‌లకు ఇచ్చిన అనుమతులు ఉంటే తొలగించండి. అప్పుడు రెండంచెల తనిఖీ ఆన్ చేసి, గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసుకోండి. వాటిని అదే ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌గా పెట్టుకుంటే, ఫోన్ పోయిన రోజు అవీ పోతాయి.

ఇదంతా అయ్యాక ట్రాష్ చూడండి. అందులో మెయిల్స్ 30 రోజులు ఉంటాయి. జీమెయిల్ సెర్చ్‌లో ఇలా కొడితే ట్రాష్, స్పామ్‌లతో సహా అన్నిట్లోంచీ స్టీమ్ మెయిల్స్ బయటికొస్తాయి:

```
in:anywhere from:noreply@steampowered.com
```

హ్యాకర్ ట్రాష్ కూడా ఖాళీ చేసి ఉంటే, గూగుల్ హెల్ప్‌లో పోయిన మెయిల్స్ కోసం ఒక రికవరీ టూల్ ఉంది, ప్రయత్నించండి. వస్తాయన్న గ్యారంటీ లేదు, కానీ ఖర్చేమీ లేదు.

స్టీమ్ సపోర్ట్‌లో ఏ దారిలో వెళ్లాలి?

`help.steampowered.com` తెరిచి, సైన్ ఇన్ అవ్వలేకపోతున్నాననే దారిలో వెళ్తే, అకౌంట్ దొంగిలించారు అనే ఆప్షన్ `My Steam Account was stolen and I need help recovering it` అని ఉంటుంది. అందులో అకౌంట్ పేరో, ఈమెయిలో, ఫోన్ నంబరో అడుగుతుంది.

ఇక్కడ ఒక తికమక ఉంది. అకౌంట్ పేరు వేరు, ఆటలో అందరికీ కనిపించే పేరు వేరు. అడిగేది లాగిన్ అయ్యేటప్పుడు కొట్టే పేరు. అది గుర్తులేకపోతే పాత రసీదు మెయిల్స్ చూడండి, వాటిలో ఉంటుంది.

అకౌంట్ దొరికాక, ఈమెయిల్‌కి కోడ్ పంపమంటారా అని అడుగుతుంది. ఈమెయిల్ మార్చేసి ఉంటారు కాబట్టి, ఆ అడ్రస్ నా చేతిలో లేదు అనే ఆప్షన్ నొక్కాలి. ఫోన్ నంబర్ ఇంకా మీదే ఉంటే దానికి కోడ్ వస్తుంది, అదృష్టం ఉంటే అక్కడితోనే పని అయిపోతుంది. అదీ లేకపోతే చివరికి రుజువులు అడిగే ఫారం తెరుచుకుంటుంది. సపోర్ట్ మిమ్మల్ని సంప్రదించడానికి ఈమెయిల్ అడిగేచోట, ఇప్పుడే శుభ్రం చేసుకున్న ఈమెయిల్ ఇవ్వండి.

కొనుగోలు రుజువు అంటే ఏం పంపాలి? ఏది బాగా పనిచేస్తుంది?

సపోర్ట్ వాళ్లకు మీ ముఖం తెలియదు. మీరూ హ్యాకరూ ఇద్దరూ ఇది నా అకౌంటే అంటున్నారు. కాబట్టి హ్యాకర్ దగ్గర ఉండడానికి వీల్లేనిది ఏదో మీరు చూపించాలి. ఇప్పుడు అకౌంట్ లోపల కూర్చున్నవాడికి మీ గేమ్‌ల పేర్లు, ఎప్పుడు కొన్నారు, లెవల్ ఎంత అన్నీ కనిపిస్తున్నాయి. అందుకే "నా దగ్గర ఫలానా గేమ్‌లున్నాయి, 1,200 గంటలు ఆడాను" అని రాస్తే రుజువుగా దానికి విలువ లేదు. ఆధార్ కార్డు కూడా పెద్దగా పనికిరాదు, స్టీమ్ అకౌంట్ తెరిచేటప్పుడు ఎవరూ ఆధార్ ఇవ్వలేదు కదా.

పనికొచ్చేది డబ్బు కట్టిన జాడ. కార్డుతో కొంటే ఏ రకం కార్డు, దాని మీద ఉన్న పేరు, చివరి 4 అంకెలు, కొన్న తేదీ, మొత్తం. పేపాల్ అయితే ట్రాన్సాక్షన్ ఐడీ. వాలెట్ కోడ్ అయితే ఆ కోడ్, కొన్న రసీదు. షాపులో కొన్న గేమ్ కీ అయితే ఆ కీ.

వీటిలో మొట్టమొదటి కొనుగోలు అన్నిటికంటే బలమైనది. నిన్నటి కొనుగోలు హ్యాకర్ చేసిందే కావచ్చు, ఏడేళ్ల కిందటి కొనుగోలు ఎవరు చేశారో చూపించగలిగితే అకౌంట్ మొదటి నుంచీ ఎవరిదో తేలిపోతుంది. అందుకే ఇటీవలి నాలుగు రసీదుల కోసం కష్టపడే బదులు, పాతది ఒక్కటి వెతకండి.

ఒక మాట గట్టిగా చెప్తున్నాను. కార్డు పూర్తి నంబర్, వెనకున్న మూడంకెల సీవీవీ, పిన్, ఓటీపీ ఎవరికీ పంపకండి. స్టీమ్ సపోర్ట్‌కి అవి అక్కర్లేదు, మీ పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. స్టేట్‌మెంట్ ఫొటో పంపేటప్పుడు ఆ ఒక్క లైన్, పైన మీ పేరు ఉంచి మిగతావి నల్లగా మూసేయండి.

నేను కొన్నది నాన్న కార్డుతో. ఆ కార్డు గడువు కూడా అయిపోయింది.

మా వాడి కేసు సరిగ్గా ఇదే. 2018లో ₹999 పెట్టి పబ్‌జీ కొన్నాడు, అదే వాడి మొదటి కొనుగోలు. మా బాబాయి డెబిట్ కార్డు అది, గడువు ముగిసి ఎప్పుడో పారేశారు. కార్డు లేకపోయినా ఫర్వాలేదు, ఎందుకంటే సపోర్ట్ చూసేది ఆ కొనుగోలు జరిగిన రోజు రికార్డయిన వివరాలను. అవి మారవు.

బాబాయి నెట్ బ్యాంకింగ్‌లో అంత పాత స్టేట్‌మెంట్ రాలేదు. బ్యాంకు బ్రాంచికి వెళ్లి ఆ నెల స్టేట్‌మెంట్ అడగాలా అని ఆలోచిస్తుంటే, పిన్ని బీరువాలోంచి పాత బ్యాంకు కాగితాలు తీసుకొచ్చింది. కార్డుతో పాటు వచ్చిన ఉత్తరం మీద చివరి నాలుగు అంకెలు ఉన్నాయి. పాస్‌బుక్‌లో ఆ తేదీన ₹999 పోయిన ఎంట్రీ ఉంది. జీమెయిల్ ట్రాష్‌లోంచి అదే తేదీ రసీదు దొరికింది. మూడూ ఒకదానికొకటి సరిపోయాయి, ఇంకేం కావాలి.

నాన్న పేరు, మీ పేరు వేరు కాబట్టి టికెట్‌లో, అంటే సపోర్ట్‌కి పంపే అభ్యర్థనలో, ఒక వాక్యం రాయండి: ఈ కార్డు మా నాన్నగారిది, ఆయన అనుమతితో కొన్నాను. దాచిపెడితే సపోర్ట్ వాళ్లకు అనుమానం వస్తుంది, చెప్తే రాదు.

యూపీఐతో కట్టాను. కార్డు లేదు కదా, ఏం చూపించాలి?

ప్రతి యూపీఐ చెల్లింపుకీ 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటుంది, దాన్నే యూటీఆర్ అని చాలా యాప్‌లు రాస్తాయి. యాప్ హిస్టరీలో ఆ చెల్లింపు తెరిస్తే కనిపిస్తుంది. ఫోన్ మారి, యాప్‌లో పాతవి కనపడకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అదే నంబర్ ఉంటుంది.

స్టేట్‌మెంట్‌లో స్టీమ్ అని వెతికి లేదని కంగారు పడకండి. మధ్యలో ఉన్న పేమెంట్ గేట్‌వే పేరు మీద పడి ఉండొచ్చు. పేరుతో కాకుండా రసీదులో ఉన్న తేదీ, మొత్తంతో వెతకండి. పైసలతో సహా సరిపోవాలి.

షాపులో కొన్న బాక్స్‌లో కీ కార్డు ఉంది. అది పనికొస్తుందా?

ఆ కీ మొదటిసారి మీ అకౌంట్‌లోనే వాడి ఉంటే చాలా బాగా పనికొస్తుంది. కీ కార్డు మీద, కీకి దగ్గరగా, మీ టికెట్ రిఫరెన్స్ కోడ్‌ని పెన్నుతో రాసి ఫొటో తీసి పంపండి. ఆ కార్డు ఇప్పుడు మీ చేతిలో ఉందని, ఎక్కడో దొరికిన పాత ఫొటో కాదని దానితో తెలుస్తుంది. అక్షరాలు మసకగా ఉంటే టికెట్ ఇంకో రెండు రోజులు సాగుతుంది కాబట్టి పగటి వెలుతురులో తీయండి.

ఎప్పుడూ ఏమీ కొనలేదు, ఫ్రీ గేమ్‌లే ఆడతాను.

ఇది కష్టమే. అప్పుడు మిగిలేవి అకౌంట్ తెరిచినప్పటి మొదటి ఈమెయిల్, అప్పటి నుంచి దానికి కలిపిన ఫోన్ నంబర్లు. వాటిలో ఒకటైనా ఇంకా మీ చేతిలో ఉందని చూపించగలగాలి. ఏవీ లేకపోతే తిరిగి రాకపోవచ్చు.

టికెట్‌లో ఏం రాయాలి? నాకు ఇంగ్లీష్ అంత బాగా రాదు.

చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాలు చాలు, గ్రామర్ ఎవరూ చూడరు. మా వాడు మొదట రాసిన టికెట్ పేజీన్నర ఉంది, ఎంత బాధపడుతున్నాడో, స్కిన్‌లకు ఎంత ఖర్చు పెట్టాడో అన్నీ ఉన్నాయి, కార్డు వివరాలు మాత్రం లేవు. సోమవారం వచ్చిన జవాబు రుజువు పంపమనే. తర్వాత కలిసి కూర్చుని రాసింది తెలుగులో చెప్పాలంటే ఇంతే:

"ఫలానా తేదీ రాత్రి 10:40కి, భారత కాలమానం ప్రకారం, దొంగ లాగిన్ పేజీలో నా వివరాలు ఇచ్చాను. ఆ తర్వాత అకౌంట్ ఈమెయిల్ మార్చారు, అది నేను చేయలేదు. అకౌంట్ పేరు ఇది. ప్రొఫైల్ లింక్ ఇది. మొదటి కొనుగోలు 2018లో, ఈ తేదీన, ₹999, డెబిట్ కార్డు, చివరి అంకెలు ఇవి, కార్డు మా నాన్నగారిది. రసీదు, పాస్‌బుక్ ఎంట్రీ జతచేశాను. నా ఈమెయిల్‌ని భద్రపరిచాను, దానికి రెండంచెల తనిఖీ పెట్టాను."

ప్రొఫైల్ లింక్ ఎలా అంటారా, మీ ఫ్రెండ్‌ని వాడి లిస్ట్‌లోంచి మీ ప్రొఫైల్ తెరిచి లింక్ కాపీ చేయమనండి. `7656119`తో మొదలయ్యే 17 అంకెల నంబర్ ఉన్న లింక్ అయితే మరీ మంచిది, పేరు ఎన్నిసార్లు మార్చినా ఆ నంబర్ మారదు.

ఒకే అకౌంట్ గురించి ఐదు టికెట్లు పెట్టవద్దు. కొత్త విషయం దొరికితే పాత టికెట్‌లోనే జవాబుగా రాయండి.

సపోర్ట్ వాళ్లు రుజువు చాలదన్నారు. అంతేనా ఇక?

అంతే కాదు. చాలదన్నారంటే మీరిచ్చినది వాళ్ల రికార్డుతో సరిపోలేదని, లేదా హ్యాకర్‌కి కూడా తెలిసే విషయమే ఇచ్చారని. అదే మళ్లీ పంపితే అదే జవాబు వస్తుంది, కాబట్టి ఇంకా పాతది వెతకండి. తేదీ ఒక రోజు అటూ ఇటూ అయిందేమో చూడండి: అర్ధరాత్రి దాటాక కొన్నది అమెరికా టైమ్ ప్రకారం ముందు రోజు కావచ్చు, మన బ్యాంకులో తర్వాతి పనిదినాన పడి ఉండొచ్చు. రెండు తేదీలూ రాయండి.

స్కిన్‌లు తిరిగి వస్తాయా?

అకౌంట్ దాటి వెళ్లిపోయిన వస్తువులను స్టీమ్ సపోర్ట్ తిరిగి పెట్టదు, అది వాళ్ల విధానం. ఎన్ని టికెట్లు పెట్టినా మారదు. కానీ అవి నిజంగా దాటి వెళ్లాయా అన్నది వేరే ప్రశ్న, తొందరగా కదిలినవాళ్లకు ఇక్కడ మేలు జరుగుతుంది.

లాగిన్ కోడ్‌లు ఇచ్చి, ట్రేడ్‌లకు ఒప్పుకోలు అడిగే స్టీమ్ మొబైల్ ఆథెంటికేటర్ మీ ఫోన్‌లో లేకపోతే, మీ అకౌంట్ నుంచి పంపిన ట్రేడ్‌ని స్టీమ్ 15 రోజుల వరకు ఆపి ఉంచుతుంది. మా వాడికి ఈమెయిల్‌కి వచ్చే స్టీమ్ గార్డ్ కోడ్ మాత్రమే ఉంది. హ్యాకర్ శనివారం రాత్రే స్కిన్‌లన్నీ ఒక ట్రేడ్‌లో పంపించాడు, కానీ బుధవారం మేం లోపలికి వెళ్లేసరికి అది ఇంకా ఆగే ఉంది. రద్దు చేశాం, ఒక్కటీ పోలేదు.

ఆథెంటికేటర్ ఉన్నవాళ్ల విషయంలో ట్రేడ్ వెంటనే వెళ్తుంది. అయితే కౌంటర్-స్ట్రైక్ 2 వస్తువులకు 2025 జులై నుంచి 7 రోజుల ట్రేడ్ రక్షణ ఉంది. ఆ 7 రోజుల్లో మీరు అకౌంట్ తిరిగి తెచ్చుకుంటే, ట్రేడ్ హిస్టరీ పేజీలోంచి ఆ ట్రేడ్‌లను మీరే వెనక్కి తిప్పవచ్చు. అలా తిప్పితే ఆ వారంలో మీరు ఫ్రెండ్‌తో చేసుకున్న మంచి ట్రేడ్‌లు కూడా వెనక్కి పోతాయి, 30 రోజులు ట్రేడింగ్, మార్కెట్ ఆగిపోతాయి. స్కిన్‌లు విలువైనవైతే అది భరించదగినదే.

మార్కెట్‌లో అమ్మేసినవి మాత్రం మర్చిపోవాలి.

నా అకౌంట్‌లో హ్యాకర్ చీట్ వాడాడు, స్టీమ్ చీటింగ్ పట్టే వ్యవస్థ వీఏసీ నుంచి బ్యాన్ పడింది.

తీయరు. ఆ సమయంలో ఆడింది మీరు కాదని నిరూపించినా తీయరు. అకౌంట్‌లో ఎవరు ఆడినా బాధ్యత అకౌంట్ యజమానిదే అన్నది వాళ్ల నియమం. ఆ బ్యాన్ సంబంధిత గేమ్‌లకే, మిగతావి ఆడుకోవచ్చు.

హ్యాకర్ నా డబ్బుతో గేమ్‌లు కొన్నాడు. బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టనా?

స్టీమ్‌కి కట్టిన చెల్లింపు మీద బ్యాంకులో డిస్ప్యూట్ పెడితే స్టీమ్ అకౌంట్‌ని లాక్ చేస్తుంది, అది తేలేవరకు కదలదు. కాబట్టి అకౌంట్ మాత్రమే పోయి, వాలెట్ సొమ్ము ఖర్చయితే ముందు సపోర్ట్‌కే చెప్పండి. బ్యాంకు ఖాతాలోంచే మీకు తెలియకుండా డబ్బు పోతుంటే విషయం వేరు, అప్పుడు అకౌంట్ గురించి ఆలోచించకుండా బ్యాంకుకి చెప్పి కార్డు ఆపించండి, 1930కి ఫోన్ చేయండి, `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఆపడం కష్టమవుతుంది.

డబ్బిస్తే అకౌంట్ తెచ్చిస్తామని ఒకరు మెసేజ్ చేశారు.

ఇవ్వకండి. తిరిగి ఇవ్వగలిగేది స్టీమ్ ఒక్కటే. స్టీమ్ ఉద్యోగులమంటూ చాట్ యాప్‌లలో మాట్లాడేవాళ్లు కూడా దొంగలే, సపోర్ట్ జవాబులు హెల్ప్ సైట్‌లోనే ఉంటాయి. పోగొట్టుకున్నామని గ్రూపుల్లో రాసినవాళ్లనే వీళ్లు వెతుక్కుంటూ వస్తారు.

ఆ అకౌంట్ నేను వేరేవాళ్ల దగ్గర కొన్నది.

దాని మీద మీకు హక్కు లేదు. అకౌంట్లు అమ్మడం, కొనడం స్టీమ్ ఒప్పందానికి విరుద్ధం. పైగా మొదటి రసీదు అమ్మినవాడి దగ్గరే ఉంటుంది కాబట్టి, వాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోగలడు.

ఫోన్ నంబర్ కూడా పోయింది. డూప్లికేట్ సిమ్ తీసుకుంటే కోడ్‌లు వస్తాయా?

వస్తాయి, కానీ మన దేశంలో సిమ్ మార్చాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆగి ఉంటాయి. కోడ్ రాలేదని ఆ రోజంతా మళ్లీ మళ్లీ నొక్కితే ప్రయత్నాల పరిమితి దాటి ఇంకొంత సేపు ఆపేస్తారు, మర్నాడు చేయండి. రీఛార్జ్ చేయక వదిలేసిన పాత నంబర్ అయితే అది ఇప్పటికే వేరేవాళ్లకు వెళ్లిపోయి ఉండొచ్చు. అకౌంట్ ఇంకా చేతిలో ఉన్నవాళ్లు అలాంటి నంబర్లు స్టీమ్‌లోనూ జీమెయిల్‌లోనూ ఉన్నాయేమో ఈరోజే చూసుకోండి.

అకౌంట్ తిరిగొచ్చింది! ఇప్పుడు ఏం చేయాలి?

పాస్‌వర్డ్ మార్చండి, జీమెయిల్‌ది, స్టీమ్‌ది ఒకటి కాకూడదు. ఈమెయిల్, ఫోన్ నంబర్ మీవేనా చూడండి. అకౌంట్ వివరాల్లో `Authorized Devices` పేజీకి వెళ్లి అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటి ఉంది. `steamcommunity.com/dev/apikey` తెరవండి. బయటి ప్రోగ్రామ్‌లు మీ అకౌంట్‌ని వాడుకోవడానికి పెట్టే ఏపీఐ కీ కనిపించే పేజీ అది, మామూలుగా ఆడుకునేవాళ్లకు అక్కడ ఏ కీ ఉండకూడదు. ఉంటే అది హ్యాకర్ పెట్టింది. దానితో వాడు మీ ట్రేడ్ ఆఫర్లను గమనిస్తూ, మీరు ఫ్రెండ్‌కి పంపేదాన్ని రద్దు చేసి, అదే ఫొటో, అదే పేరు పెట్టుకున్న తన అకౌంట్ నుంచి ఆఫర్ పంపగలడు. మీరు చూసుకోకుండా ఫోన్‌లో ఒప్పుకుంటారు. వెంటనే ఆ కీని రద్దు చేయండి. ఆగి ఉన్న ట్రేడ్‌లు, మార్కెట్‌లో అమ్మకానికి పెట్టినవి కూడా అప్పుడే చూసి రద్దు చేయండి.

తర్వాత ఫోన్‌లో స్టీమ్ యాప్ పెట్టి మొబైల్ ఆథెంటికేటర్ ఆన్ చేయండి. అది `R`తో మొదలయ్యే ఒక రికవరీ కోడ్ ఇస్తుంది. ఫోన్ పోయినా పగిలినా ఆథెంటికేటర్ తీసేయడానికి అది పనికొస్తుంది. మా వాడి కోడ్, గూగుల్ బ్యాకప్ కోడ్‌లు, 2018 నాటి రసీదు ప్రింటు, కార్డు చివరి అంకెలున్న ఆ పాత ఉత్తరం అన్నీ ఒక కవర్‌లో పెట్టి పిన్ని బీరువాలో దాచింది.

ఎన్ని రోజులు పడుతుంది?

ఇన్ని అని ఎవరూ చెప్పలేరు. మాకు ఆదివారం సాయంత్రం మొదటి టికెట్, సోమవారం రుజువు కావాలన్న జవాబు, సోమవారం రాత్రి సరైన రుజువు, బుధవారం పాస్‌వర్డ్ రీసెట్ లింక్. మొదటి టికెట్‌లోనే కార్డు వివరాలు ఇచ్చి ఉంటే ఒక రోజు ముందే వచ్చేదని నా నమ్మకం.